ఆలసించిన ఆశాభంగం, సరే. ఎవరికి?

ఆదివారం అర్ధరాత్రితో ఆఫర్ అయిపోయింది. సోమవారం పొద్దున పదింటికి ఫోన్ మోగింది. "మరో రెండ్రోజులు పొడిగించామని ఒక మెయిల్ కొట్టవయ్యా. 'మీ కోరిక మేరకు' అని మొదలుపెట్టు, బావుంటుంది" అన్నాడు అన్న. ఆయన ఆన్‌లైన్‌లో వీపుసంచులు అమ్ముతాడు. నేను ఆయనలాంటి నలుగురైదుగురికి ప్రకటనలు, మెయిళ్లు రాసిపెడుతుంటాను. కోరిందెవరని నేను అడగలేదు. స్టాకు మిగిలిపోయిందని ఇద్దరికీ తెలుసు. రాసి పంపేశాను.

మధ్యాహ్నానికి ఒకావిడ దగ్గర్నుంచి జవాబొచ్చింది. కోపం లేదు, వెటకారమూ లేదు. "నిన్న రాత్రి పదకొండున్నర దాటాక టైమ్ అయిపోతోందని రంగు తేల్చుకోలేక నలుపు తీసుకున్నాను. ఇవాళ తీరిగ్గా చూస్తే ఆకుపచ్చే నచ్చింది. ఇంకా రెండ్రోజులు ఉందంటున్నారు కదా, మార్చుకోవచ్చా?" అని మాత్రమే. ఆఫర్‌లో కొన్నవి మార్చుకోవడం కుదరదని మా నిబంధనల్లో ఉంది. ఆ నిబంధన రాసిందీ నేనే.

ఆవిడ మమ్మల్ని అబద్ధాలకోరులని అనలేదు. కానీ ముందురోజు నేను రాసిన "ఈ రాత్రితో ఆఖరు" అన్న వాక్యం మధ్యాహ్నానికల్లా నా చేతిలోనే అబద్ధమైపోయింది. రాసినప్పుడు అది నిజం. అన్న నిజంగానే ఆపేద్దామనుకున్నాడు. మర్నాడు మనసు మార్చుకున్నాడు, అంతే. ఇందులో మోసం ఎక్కడుందని చాలాకాలం నాతో నేనే వాదించుకున్నాను. ఇప్పుడు నా అభిప్రాయం ఇది: తొందరపెట్టే వాక్యంలో నిజానిజాలు తేలేది రాసిన రోజు కాదు, గడువు దాటిన మర్నాడు. కాబట్టి ఆ వాక్యం రాసే ముందు మర్నాటి పేజీ రాసిపెట్టుకోవాలి.

## ఆఖరయ్యేది ఏమిటి?

"త్వరపడండి", "మంచి తరుణం మించిన దొరకదు", "ఆలసించిన ఆశాభంగం". మైకులో ఈ మాటలు వింటూ పెరిగినవాళ్లమే అందరం. వీటిని ఎవరూ అక్షరాలా నమ్మరు కాబట్టి వీటితో పెద్ద ప్రమాదం లేదంటాను. ఇవి ఏ సంగతీ చెప్పవు. బండివాడి గంట లాంటివి, వచ్చాడని తెలుస్తుంది. అసలు ప్రమాదం సంగతి చెబుతున్నట్టు ఉండే వాక్యాలతోనే. వాటిలో తేదీ ఉంటుంది, అంకె ఉంటుంది, గడియారం ఉంటుంది.

"ఈ రాత్రితో ఆఖరు" అనే తీసుకుందాం. ఆఖరయ్యేది ఏమిటి? తగ్గింపు ధరా, ఆ సంచా, సంచితో పాటు ఉచితంగా ఇస్తామన్న వాన తొడుగా? మా విషయంలో ఆఖరయ్యేది 30 శాతం తగ్గింపు ఒక్కటే. సంచి రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. కానీ కర్త లేకుండా "ఆఖరు" అని వదిలేస్తే చదివేవాళ్లు తమకు ఏది పోతే ఎక్కువ బాధో దాన్నే అక్కడ పెట్టుకుని చదువుతారు. మన భాషలో కర్త లేని వాక్యం తప్పేమీ కాదు, అందంగానే ఉంటుంది. ప్రకటనలు రాసేవాళ్లకు అదే వాటం. ఎవరూ అబద్ధం ఆడకుండానే అబద్ధం పుట్టే చోటు ఇది.

అందుకే ఇప్పుడు కర్త రాయకుండా వదలను. "30 శాతం తగ్గింపు ఆదివారం రాత్రి 11:59 వరకు. సోమవారం నుంచి సంచి మామూలు ధరకే దొరుకుతుంది." రెండో వాక్యం చూస్తే అమ్మేవాళ్ల మొహం మాడిపోతుంది. "రేపు కూడా దొరుకుతుందని మనమే చెప్పాలా?" అని అన్న అడిగాడు. చెప్పాలి. ఆ సంచి అవసరమై, డబ్బులు రెండు వారాల తర్వాతగానీ చేతికందని మనిషికి తేల్చుకోవడానికి కావలసిన సంగతి అదే. తగ్గింపు పోతుంది, సంచి పోదు. అది దాచిపెడితే నేను అమ్మేది తగ్గింపు కాదు, భయం.

11:59 సంగతి కూడా చెప్పాలి. "ఆదివారం రాత్రి 12 గంటల వరకు" అంటే మనందరికీ ఆదివారం ముగిసే ఘడియే. కానీ పేజీ తయారుచేసే కుర్రాడు ఒకసారి దాన్ని ఆదివారం 00:00 అని పెట్టాడు. అంటే శనివారం రాత్రికే ఆఫర్ ఆగిపోయింది. "ఆదివారం వరకు" అన్నా ఇదే తకరారు, ఆదివారం కలుస్తుందా కలవదా అని ఫోన్లు వస్తాయి. 11:59 అంటే పేచీ ఉండదు. కొనేవాళ్లు వేరే దేశాల్లో కూడా ఉంటే అది ఏ దేశపు 11:59 అన్నది పక్కనే రాయాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుందిగానీ, గడువు దాటిపోయిందని మొహం మీద తలుపేయించుకున్న మనిషికి మీ ఉద్దేశం మంచిదా చెడ్డదా అన్నది పట్టదు.

మాటల్లోని కాలం కూడా గమనించడం ఆ తర్వాతే అలవాటైంది. "స్టాకు అయిపోతోంది" అంటే ఇప్పుడు, ఈ క్షణాన, జరుగుతున్న పని. "అయిపోవచ్చు" అంటే అంచనా. "అయిపోయింది" అంటే జరిగిపోయింది. ఆఫర్ మొదలైన పది నిమిషాలకు పంపే మెయిల్‌లో "అయిపోతోంది" అని రాయడానికి నా దగ్గర ఆధారం ఏముంటుంది? అయినా ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. మెయిల్ రెండ్రోజుల ముందే తయారై, ఫలానా టైముకు వెళ్లేలా పెట్టేసి ఉంటుంది. ఇంకా జరగనిదాన్ని జరుగుతున్నట్టు రెండ్రోజుల ముందే రాశానన్నమాట.

## గడియారం ఎవరికోసం తిరుగుతోంది

పేజీ పైన ఎర్ర అంకెలతో వెనక్కి లెక్కపెట్టే టైమర్‌ను నేను ద్వేషించను. నిజంగా గడువు ఉంటే "ఇంకా 3 గంటల 12 నిమిషాలు" అన్నది తేదీ చూసి కూడికలు తీసివేతలు చేసుకునే పని తప్పిస్తుంది. కానీ టైమర్లు రెండు జాతులు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. తేడా అంతా లోపల ఒక్క వరుసలో ఉంటుంది.

```js
const end = Date.now() + 15 * 60 * 1000;
```

```js
const end = new Date("2025-03-16T23:59:59+05:30");
```

మొదటిదాంట్లో మీరు పేజీ తెరిచిన క్షణం నుంచి పదిహేను నిమిషాలు. మళ్లీ తెరిస్తే మళ్లీ పదిహేను. పక్కింటాయన సాయంత్రం తెరిస్తే ఆయనకూ పదిహేనే. రెండోదాంట్లో ప్రపంచంలో ఎక్కడ ఎవరు తెరిచినా ముగిసేది ఒకే ఘడియకు. మొదటి గడియారానికి అమ్మకంతో ఏ సంబంధమూ లేదు, అది మీరు వచ్చారు కాబట్టి తిరుగుతోంది. కొంచెం తెలివైనవాళ్లు ఆ ముగింపు సమయాన్ని మీ బ్రౌజర్‌లోనే దాచిపెడతారు. అప్పుడు పేజీ మళ్లీ తెరిచినా అంకెలు మొదటికి రావు, నిజమైనదేనేమో అనిపిస్తుంది.

కనిపెట్టడం కష్టం కాదు. అదే పేజీని ప్రైవేట్ విండోలోనో ఇంకొకరి ఫోన్‌లోనో తెరవండి. రెండు చోట్లా అంకెలు వేరేగా ఉంటే అది మీకోసం కట్టిన గడియారం. ఇంకా గట్టి పరీక్ష ఏమిటంటే, సున్నా వచ్చేదాకా ఆగి ధర మారిందేమో చూడటం. 2019లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాదాపు 11 వేల షాపింగ్ సైట్లను ప్రోగ్రాముతో జల్లెడ పట్టి, కొనేవాళ్లను పక్కదారి పట్టించే ఎత్తులు 1,818 చోట్ల చూశామని రాశారు. సున్నా అయ్యాక మళ్లీ మొదటికి వచ్చే టైమర్లు, టైమ్ అయిపోయినా మారని ధరలు అందులో ఉన్నాయి. "ఇన్నే మిగిలాయి", "ఇంతమంది చూస్తున్నారు" అన్న అంకెల్లో కొన్ని గోడౌన్‌ నుంచి కాకుండా కోడ్‌లో యాదృచ్ఛికంగా పుడుతున్నాయని కూడా వాళ్లు చూపించారు.

ఇక్కడ నాకొక సందేహం ఉండేది. ఒక్కొక్కరికి ఒక్కో గడువు ఉండటమే తప్పా? కొత్తగా పేరు నమోదు చేసుకున్నవాళ్లకు 48 గంటలు చెల్లే కూపన్ ఇస్తారు. ఆ 48 గంటలు అందరికీ ఒకేసారి మొదలవవు. మరి అది దొంగ గడియారమేనా? కాదని తేల్చుకున్నాను, కానీ రెండు షరతుల మీద. 49వ గంటలో ఆ కూపన్ కొడితే సర్వర్ నిజంగా తిప్పికొట్టాలి. వారం తర్వాత అదే మనిషికి "మీకోసం మరొక్క అవకాశం" అంటూ అదే కూపన్ ఇంకో పేరుతో వెళ్లకూడదు. మొదటి షరతు ఇంజనీరు తీరుస్తాడు. రెండోది నాలాంటివాళ్లు తీర్చాలి, అక్కడే చాలామంది జారిపోతారు. ఆ రెండో మెయిల్‌కు జనం బాగా స్పందిస్తారు మరి.

చట్టాలు కూడా సుమారుగా ఇక్కడే గీత గీశాయి. ఐరోపా యూనియన్ 2005లో తెచ్చిన అనుచిత వ్యాపార పద్ధతుల ఆదేశంలో, ఏ పరిస్థితిలోనూ చేయకూడనివంటూ ఒక జాబితా ఉంది. వస్తువు అతి కొద్దికాలమే దొరుకుతుందనో, ఫలానా షరతులు అతి కొద్దికాలమే ఉంటాయనో అబద్ధం చెప్పి అప్పటికప్పుడు నిర్ణయం తీసుకునేలా చేయడం అందులో ఒకటి. "షరతులు" అన్న మాట గమనించండి. వస్తువు పోతుందని అనకపోయినా, తగ్గింపు పోతుందని అబద్ధమాడినా అదే తప్పు. భారతదేశంలో 2023 నవంబర్‌లో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో 13 రకాల ఎత్తుల్ని పేర్కొన్నారు. వాటిలో మొట్టమొదటిది ఇదే, లేని తొందర పుట్టించడం.

అయితే చట్టం అబద్ధాన్నే పట్టుకుంటుంది. ఆవిడకు మేము చేసిన పనిని చట్టం ఎలా చూస్తుందన్నది నా ప్రశ్న కాదు. ఆవిడ ఆకుపచ్చ సంచి నా ప్రశ్న.

## పన్నెండే మిగిలాయి అంటే ఎన్ని మిగిలినట్టు?

అంకెలు అబద్ధమాడవని అంటారు. స్టాకు అంకె చాలా తేలిగ్గా ఆడుతుంది. ఒక సంచి నలుపు రంగుది పన్నెండు మిగిలాయనుకుందాం. రోజుకు రెండు అమ్ముడయ్యే చోట ఆ పన్నెండూ ఆరు రోజులు వస్తాయి. రోజుకు నలభై అమ్ముడయ్యే చోట సాయంత్రానికి ఉండవు. రెండు పేజీల్లోనూ "12 మాత్రమే!" అని ఎర్రగా రాయొచ్చు, రెండుచోట్లా అంకె నిజమే. కానీ ఎరుపు రంగు, "మాత్రమే", ఆ ఆశ్చర్యార్థకం కలిసి చెప్పే మాట "ఇప్పుడు కొనకపోతే దొరకదు" అని. మొదటి చోట అది అబద్ధం.

అందుకని మేమొక లెక్క పెట్టుకున్నాం. ఏ రంగైనా ఆ వారం సగటున ఒక్క రోజులో పోయేంతకన్నా తక్కువ మిగిలితేనే అంకె చూపిస్తాం. అంతకు ముందు చూపించం. అలా చూపించినా "మాత్రమే" తీసేశాను. "ఆకుపచ్చ 16 ఉన్నాయి" చాలు. తక్కువో ఎక్కువో చదివేవాళ్లు తేల్చుకుంటారు. "మాత్రమే" అనేది అంకెకు నేను తగిలించే అభిప్రాయం.

స్టాకు విషయంలో ఇంతకన్నా పెద్ద చిక్కు నిజాన్ని సగం చెప్పడం. ఆకుపచ్చ 16 ఉన్న మాట నిజం. ఆరు వారాల్లో ఇంకో విడత వస్తున్న మాట కూడా నిజమే. మొదటిది చెప్పి రెండోది మింగేస్తే కొనేవాళ్ల మనసులో ఏర్పడేది తప్పుడు బొమ్మ. అన్న దీనికి అస్సలు ఒప్పుకోలేదు. "మళ్లీ వస్తుందని తెలిస్తే ఆగిపోతారు కదా" అన్నాడు. అవును, కొందరు ఆగిపోతారు. ఆగగలిగినవాళ్లు ఆగడం వాళ్ల హక్కు. కొత్త విడత ఖాయమై, ఆర్డర్ కూడా పెట్టేసి ఉంటే చెప్పాల్సిందేనని పట్టుబట్టాను. ఇంకా ఖాయం కాకపోతే చెప్పక్కర్లేదు, అప్పుడు "మళ్లీ రాదు" అని కూడా అనకూడదు. ఏమీ అనకుండా ఉండటం కూడా ఒక పద్ధతేనని ప్రకటనలవాళ్లకు ఆలస్యంగా తడుతుంది.

"23 మంది ఇప్పుడే చూస్తున్నారు" అన్న వాక్యం గురించి ఎక్కువ రాయను. నిజమైన అంకే పెట్టినా, చూడటం కొనడం కాదు. ఆ 23 మందిలో ముగ్గురం మేమే, పేజీ సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుంటూ. మా పేజీల్లోంచి పూర్తిగా తీసేశాం.

## అన్న అడిగినవి

ఆయన అడిగిన ప్రశ్నలన్నీ కొట్టిపారేసేవి కావు. ఒకటి అందరూ అడిగేదే: "ఇవన్నీ అతిశయోక్తులని జనానికి తెలుసు కదా, నువ్వొక్కడివి మడి కట్టుకుంటే ఏం లాభం?" తెలిసినవాళ్లకు తెలుసు. పది సైట్లలో మోసపోయినవాళ్లకు మా గడువూ పదకొండోది, నిజమైనదని చెప్పినా నమ్మరు. కానీ ఆవిడ నమ్మింది. తొందరపెట్టే అబద్ధం పనిచేసేది ఇంకా మన మాట నమ్మేవాళ్ల మీద మాత్రమే. నమ్మనివాళ్ల మీద ఎటూ పనిచేయదు. అంటే మన మాట మీద గురి ఉన్నవాళ్లే నష్టపోతారు. ఈ మాట అన్నకు చెప్పినప్పుడు కాసేపు మాట్లాడలేదు. ఒప్పుకున్నాడని కాదు, టీ తాగుతున్నాడు.

రెండోది కష్టమైన ప్రశ్న: "ఆదివారం రాత్రి సైటే పడిపోతే? రెండు గంటలు ఎవరూ కొనలేకపోతే అప్పుడు కూడా పొడిగించకూడదా?" పొడిగించాలి. గడువు మాట ఇచ్చినట్టే, ఆ గడువులోగా కొనుక్కునే వీలు ఉంటుందని కూడా మాట ఇచ్చాం. రెండు గంటలు పోతే అది తిరిగివ్వాలి. కానీ పొడిగింపు పోయినంతే ఉండాలి, కారణం ఉన్నదున్నట్టు చెప్పాలి. "నిన్న రాత్రి 9 నుంచి 11 వరకు సైటు పనిచేయలేదు. అందుకని ఈ రోజు రాత్రి 9 నుంచి 11 వరకు పాత తగ్గింపే ఉంటుంది." దీన్ని "మీ కోరిక మేరకు మరో రెండ్రోజులు" పక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో మా తప్పు ఉంది, లెక్క ఉంది. రెండోదాంట్లో ఎవరిదో కోరిక ఉంది, ఆ ఎవరో లేరు.

వ్యాపారం బాగాలేక పొడిగించాల్సి వస్తే? మిగిలిన స్టాకుకు అద్దె కట్టాలి, అప్పువాళ్లు అడుగుతున్నారు. నిజమైన ఇబ్బందే. అప్పుడైనా దారి ఒకటుంది, పాత గడువును నమ్మి కొన్నవాళ్లను వెనక్కి పిలవడం. "ఆదివారమే ఆఖరని చెప్పాం, మాట మార్చుకున్నాం. ఆ తొందరలో కొన్నవాళ్లు రంగు మార్చుకోవాలన్నా, వద్దనుకున్నా వారం లోపు చెప్పండి." అప్పుడు పొడిగింపు ఖరీదు అమ్మేవాడి మీదే పడుతుంది. ఆ ఖరీదు భరించలేకపోతే పొడిగింపు కూడా భరించలేనట్టే. ఆవిడకు ఆకుపచ్చ సంచి పంపి, నలుపుది మా ఖర్చుతోనే వెనక్కి తెప్పించాం. ఆవిడతో పాటు ఆ రాత్రి చివరి రెండు గంటల్లో కొన్నవాళ్లందరికీ రాద్దామన్నాను. అన్న ఒప్పుకోలేదు. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు, అది ఇప్పటికీ ముల్లులా ఉంది.

మూడో ప్రశ్న ఆయన అడగలేదు, నాదే. గడువు నిజమే అయినా, అసలు తొందరపెట్టడమే తప్పు కాదా? ఐదు రోజులు తగ్గింపిస్తూ ఆరో రోజు ఎందుకివ్వలేరు? నిజాయితీగా చెప్పాలంటే, ఇవ్వగలరు. గడువు ప్రకృతి పెట్టింది కాదు, మనం పెట్టుకున్నది. దీనికి పూర్తి సమాధానం నా దగ్గర లేదు. కానీ గడువుకు వెనక ఏదో ఒక కారణం ఉంటే, ఉదాహరణకు కొత్త మోడల్ వచ్చేలోపు గోడౌన్ ఖాళీ చేయాలనుకుంటే, ఆ కారణం ఒక వాక్యంలో చెప్పేస్తాను. కారణమే లేకపోతే కారణం కల్పించను. "ఐదు రోజుల ఆఫర్" అంటాను, అంతే. కారణం కల్పించకుండా గడువు పెట్టిన వాక్యం చప్పగా ఉంటుంది. ఉండనివ్వండి.

## ఈసారి ఎలా రాశామంటే

నాలుగు నెలల తర్వాత మళ్లీ ఆఫర్. గోడౌన్‌లో 240 సంచులు: నలుపు 110, ఆకుపచ్చ 70, బూడిద రంగు 60. బుధవారం ఉదయం 10 నుంచి ఆదివారం రాత్రి 11:59 వరకు. ఈసారి మొదట రాసింది సోమవారం పేజీ. "ఆఫర్ నిన్న రాత్రితో ముగిసింది. ఇప్పుడు మామూలు ధర. ఆకుపచ్చ కొత్త విడత ఆరు వారాల్లో వస్తుంది." అది అన్నకు పంపి, దీనికి ఒప్పుకుంటేనే బుధవారం పేజీ రాస్తానన్నాను. ఆ పేజీ సోమవారం 00:00కి దానంతటదే పైకి వచ్చేలా ముందే పెట్టేశాం. పొడిగించాలంటే ఎవరో లేచి కూర్చుని చేత్తో ఆపాలి. మనసు మార్చుకోవడం కాస్త కష్టమైతే చాలు, చాలావరకు మార్చుకోం.

రెండ్రోజుల్లో ఆకుపచ్చ 34 పోయాయి. శుక్రవారం పొద్దున 36 మిగిలాయి. రోజుకు పదిహేడు చొప్పున పోతున్నట్టు, అంటే రెండు రోజులకు సరిపడా ఉంది. అంకె చూపించలేదు. అన్న చూపిద్దామన్నాడు. శుక్రవారం ఇంకో 20 పోయాయి. శనివారం పొద్దున 16 మిగిలాయి, ఒక్క రోజు అమ్మకం కన్నా తక్కువ. అప్పుడు "ఆకుపచ్చ 16 ఉన్నాయి. తర్వాతి విడత ఆరు వారాల్లో, మామూలు ధరకు" అని పెట్టాం. సాయంత్రం ఏడింటికి అయిపోయాయి, "అయిపోయింది" అని మార్చాం. ఆదివారం డబ్బులు కట్టని రెండు ఆర్డర్లు రద్దై రెండు సంచులు వెనక్కి వచ్చాయి. "అయిపోయింది" అన్నచోట మళ్లీ 2 కనిపిస్తే అది కూడా ఎత్తుగడలాగే ఉంటుంది. అందుకని "రద్దైన ఆర్డర్ల నుంచి 2 తిరిగొచ్చాయి" అని రాశాం. ఇరవై నిమిషాలు కూడా నిలవలేదు.

ఆదివారం సాయంత్రం పంపిన మెయిల్ ఇది: "30 శాతం తగ్గింపు ఈ రాత్రి 11:59 వరకు. నలుపు, బూడిద రంగు ఉన్నాయి. రేపటి నుంచి ఇవే సంచులు మామూలు ధరకు." మొత్తం మూడు వాక్యాలు. నేను ఇంతవరకు రాసినవాటిలో అతి చప్పని అమ్మకపు మెయిల్ ఇదే అయ్యుంటుంది.

మొత్తం 209 అమ్ముడయ్యాయి. బూడిద రంగు 26, నలుపు 5 మిగిలాయి. సోమవారం పదింటికి ఫోన్ మోగుతుందని నాకు తెలుసు, మోగింది. "ముప్పై ఒకటే కదయ్యా. గోడౌన్‌లో మూలన కొన్ని దొరికాయని అందామా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ సగం నిజంగా అన్నాడు. కొత్త పేజీ అప్పటికి పది గంటలుగా పైన ఉంది. మామూలు ధర చూసి ఇద్దరు కొన్నారు కూడా. వాళ్లిద్దరికీ ఏం చెబుతామని అడిగాను. ఆ మాటతో ఆగిపోయాడు.

ఒకటి మాత్రం మేము ముందు ఆలోచించలేదు. రాత్రి 12:06కి ఒకాయన మెసేజ్ పెట్టాడు. సంచి 11:50కే కార్ట్‌లో వేసుకున్నాడట, డబ్బులు కట్టే పేజీ తిరుగుతూ తిరుగుతూ ఉండి, చివరికి చూస్తే మామూలు ధర చూపించిందట. అన్న ఇచ్చేద్దామన్నాడు, గడువంటే గడువేనని నేనన్నాను. రాత్రిపూట పావుగంట వాదించుకున్నాం. పొడిగింపులంటే చిర్రెత్తే నేను అక్కడ మూర్ఖంగా ఉన్నానని ఇప్పుడనిపిస్తోంది. 11:50కి ఆయన తన వంతు పని చేసేశాడు, ఆలస్యం మా పేజీది. చివరికి అన్న పాత ధరకే ఇచ్చాడు. తర్వాతి ఆఫర్ పేజీలో గడువు కింద ఇంకో వరుస చేరింది: "11:59 లోపు కార్ట్‌లో వేసుకున్నవాటికి 12:30 వరకు తగ్గింపు ధరే."